పైజో డ్రైవర్‌లో చదునైన శిఖరాలు: నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఏమిచ్చింది, బదులుగా ఏం తీసుకుంది

ఒక పైజో ఎలిమెంట్‌ను కంపింపజేసి, దాని మీద అమర్చిన భాగాల ప్రతిస్పందన కొలిచే పరికరం అది. అందులోని చివరి ఆంప్లిఫయర్ సరిగ్గా పనిచేయడం లేదని నా దగ్గరికి పంపారు. అవసరం చూస్తే పెద్దదేమీ కాదు. ఇన్‌పుట్‌లో 100 మిల్లీవోల్టుల శిఖరం ఇస్తే అవుట్‌పుట్‌లో 10 వోల్టుల శిఖరం రావాలి, అంటే గెయిన్ 100. 100 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు అవుట్‌పుట్ 5 శాతానికి మించి తగ్గకూడదు. డిస్టార్షన్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.1 శాతం లోపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.5 శాతం లోపు ఉండాలి. లోడు మాత్రం మామూలు రెసిస్టర్ కాదు. పైజో ఎలిమెంట్ విద్యుత్ పరంగా ఒక కెపాసిటరే. దీని విలువ సుమారు 100 నానోఫ్యారడ్లు.

వచ్చిన సర్క్యూట్‌లో ఒక టీఎల్071 ఆప్‌ఆంప్, దాని వెనుక బీడీ139, బీడీ140 ట్రాన్సిస్టర్ల జంట ఎమిటర్ ఫాలోయర్లుగా ఉన్నాయి. సప్లయి ప్లస్ మైనస్ 15 వోల్టులు. ఆప్‌ఆంప్ చుట్టూ 100 కిలోఓమ్, 1 కిలోఓమ్ రెసిస్టర్లతో 101 గెయిన్ పెట్టారు. ఫీడ్‌బ్యాక్ తీసుకున్నది ఆప్‌ఆంప్ పిన్ దగ్గరి నుంచి. ట్రాన్సిస్టర్లు లూప్ బయట, ఎవరి పర్యవేక్షణా లేకుండా ఉండిపోయాయి. రెండు బేస్‌లనూ నేరుగా కలిపేశారు, బయాస్ అన్నదే లేదు.

క్లిప్పింగ్ లాగా కనిపించినది

"సప్లయి సరిపోవడం లేదండీ, పైన కోసేస్తోంది" అన్నారు దాన్ని తెచ్చిన ఇంజినీరు. స్కోపులో చూస్తే నిజంగానే అలా ఉంది. 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ పైకి ఎక్కి, శిఖరం దగ్గర చదునుగా సాగి, తర్వాత దిగుతోంది. అయితే ఆ చదును శిఖరానికి ఇరువైపులా సమంగా లేదు. తరంగం శిఖరం చేరేదాకా గుండ్రంగానే ఉంది, చేరాక మాత్రమే నిలిచిపోతోంది. క్లిప్పింగ్ అయితే ఎక్కేటప్పుడు కూడా కోసుకుపోవాలి.

ఇంకో పరీక్ష చేస్తే సందేహం తీరిపోతుంది. సిగ్నల్‌ను తగ్గించి చూడాలి. క్లిప్పింగ్ అయితే మాయమవుతుంది. ఇక్కడ చదును పోలేదు సరికదా పెరిగింది. 10 వోల్టుల శిఖరం దగ్గర దాదాపు 76 మైక్రోసెకన్లు ఉన్నది, 2 వోల్టుల దగ్గర 160 మైక్రోసెకన్లకు చేరింది.

ఇది క్రాసోవర్ డిస్టార్షన్. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఇది తరంగం సున్నాను దాటే చోట కనిపిస్తుంది, ఎందుకంటే ఆ బొమ్మల్లో లోడు రెసిస్టర్. కెపాసిటర్‌లో కరెంటు వోల్టేజీ కంటే 90 డిగ్రీలు ముందుంటుంది. ఒక ట్రాన్సిస్టర్ నుంచి రెండో దానికి పని మారేది కరెంటు దిశ మారినప్పుడు. కెపాసిటివ్ లోడులో ఆ క్షణం వోల్టేజీ శిఖరం దగ్గరే వస్తుంది. అప్పుడు పై ట్రాన్సిస్టర్ ఆగిపోతుంది. కింది ట్రాన్సిస్టర్ మొదలవ్వాలంటే బేస్ వోల్టేజీ 1.2 వోల్టులు దిగాలి. అంతదాకా లోడులోని చార్జికి కదిలే దారి లేదు కాబట్టి అవుట్‌పుట్ ఉన్నచోటే ఉంటుంది. అరిగిన గేరు చక్రాన్ని ఒకవైపు తిప్పి మళ్లీ వెనక్కు తిప్పితే కొంత దూరం ఊరికే తిరిగి, ఆ తర్వాతే పళ్లు పట్టుకుంటాయి. ఇదీ సరిగ్గా అదే.

లెక్క కూడా కుదిరింది. బేస్ దగ్గర 10.6 వోల్టుల శిఖరం ఉంటే అది 1.2 వోల్టులు దిగడానికి సైన్ వేవ్‌లో 27 డిగ్రీల పైచిలుకు పడుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది 76 మైక్రోసెకన్లు. ఈ ఆకారం నుంచి మూడో హార్మోనిక్ ఒక్కటే 2.4 శాతం దాకా వస్తుంది. కోరినది 0.1 శాతం.

ఫీడ్‌బ్యాక్ తీగను అవతలికి మార్చితే

అందరికీ మొదట తట్టే పని, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను ఆప్‌ఆంప్ పిన్ నుంచి తీసి ట్రాన్సిస్టర్ల అవుట్‌పుట్‌కు కలపడం. అలా చేస్తే ట్రాన్సిస్టర్లు కూడా లూప్ లోపలికి వస్తాయి. అవి చేసే తప్పును ఆప్‌ఆంప్ చూసి సరిదిద్దుతుంది. ఎంత సరిదిద్దుతుందో చెప్పేది లూప్ గెయిన్. ఆప్‌ఆంప్ సొంత గెయిన్ `A`, అవుట్‌పుట్‌లో ఎంత భాగం వెనక్కు వస్తుందో చెప్పే నిష్పత్తి `B` అయితే:

```
G = A / (1 + A*B)
D = D0 / |1 + A*B|
```

`D0` లూప్ లేనప్పటి డిస్టార్షన్, `D` లూప్ మూశాక మిగిలేది. ఇచ్చిపుచ్చుకోవడం అంతా ఈ రెండు వరుసల్లోనే ఉంది. గెయిన్‌ను ఏ సంఖ్యతో భాగించుకుంటామో డిస్టార్షన్ కూడా ఆ సంఖ్యతోనే భాగింపబడుతుంది. చాలామంది ఇక్కడ ఆగి, ఆప్‌ఆంప్ గెయిన్ రెండు లక్షలు కదా, 101తో భాగిస్తే లూప్ గెయిన్ దాదాపు 2000, ఇక 2.4 శాతం ఎక్కడ మిగులుతుందని అనుకుంటారు.

ఆ రెండు లక్షలు డీసీ దగ్గరి మాట. టీఎల్071 గెయిన్ కొద్ది హెర్ట్జ్‌ల నుంచే తగ్గడం మొదలుపెడుతుంది. ఫ్రీక్వెన్సీ పదింతలైతే గెయిన్ పదోవంతు అవుతుంది. గెయిన్‌నూ ఫ్రీక్వెన్సీనీ గుణిస్తే ఎప్పుడూ 3 మెగాహెర్ట్జ్ దగ్గరే వస్తుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ 3000, లూప్ గెయిన్ 30. అందులోనూ మనం అణచాల్సినది 1 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ను కాదు, దాని మూడో హార్మోనిక్‌ను. అది 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంది, అక్కడ లూప్ గెయిన్ 10 మాత్రమే. తొమ్మిదో హార్మోనిక్ దగ్గర మూడు చిల్లర. క్రాసోవర్ డిస్టార్షన్‌లో పై హార్మోనిక్‌లు దండిగా ఉంటాయి. ఫీడ్‌బ్యాక్ బలం తగ్గిపోయే చోటే వాటి నివాసం. డిస్టార్షన్ లెక్క వేసేటప్పుడు లూప్ గెయిన్‌ను హార్మోనిక్ ఫ్రీక్వెన్సీ దగ్గర చూడాలి. డేటాషీట్ మొదటి పేజీలోని అంకె ఈ పనికి అక్కరకు రాదు.

తీగ మార్చి కొలిస్తే 1 కిలోహెర్ట్జ్ దగ్గర మూడో హార్మోనిక్ 0.3 శాతానికి దిగింది. పదితో భాగిస్తే 0.24 రావాలి. కాస్త ఎక్కువ రావడానికి కారణం ఉంది. రెండు ట్రాన్సిస్టర్లూ ఆగిపోయిన ఆ కొద్ది సమయంలో అవుట్‌పుట్ స్టేజి గెయిన్ సున్నా. అంటే లూప్ తెగిపోయినట్లే. సరిదిద్దే యంత్రాంగం అత్యవసరమైన క్షణంలోనే అది పనిలో లేదు. `D0`ను భాగించే సూత్రం లూప్ ఎప్పుడూ మూసి ఉంటుందని అనుకుని రాసినది. డెడ్ జోన్‌కు అది ఆశావహమైన అంచనా మాత్రమే.

20 కిలోహెర్ట్జ్ దగ్గర పరిస్థితి మరీ దీనం. అక్కడ ఆప్‌ఆంప్ గెయిన్ 150, లూప్ గెయిన్ 1.5. మూడో హార్మోనిక్ 60 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అక్కడ లూప్ గెయిన్ 0.5. ఫీడ్‌బ్యాక్ తీగ కలిపి ఉందన్న మాటే గానీ అది చేసే పని ఏమీ లేదు. పైగా ఈ స్టేజి బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్‌ను 101తో భాగిస్తే వచ్చే 30 కిలోహెర్ట్జే. 20 కిలోహెర్ట్జ్ వచ్చేసరికి అవుట్‌పుట్ 17 శాతం పడిపోయింది. కోరినది 5 శాతం లోపు.

ముందు బయాస్, తర్వాత ఫీడ్‌బ్యాక్

డెడ్ జోన్‌ను ఫీడ్‌బ్యాక్‌తో పూడ్చడం నాకు ఎప్పుడూ నచ్చదు. మొదట `D0`ను తగ్గించి, మిగిలినది ఫీడ్‌బ్యాక్‌కు అప్పగించాలి. రెండు బేస్‌ల మధ్య రెండు 1ఎన్4148 డయోడ్లు పెట్టాను. పై బేస్ నుంచి ప్లస్ సప్లయికి, కింది బేస్ నుంచి మైనస్ సప్లయికి ఒక్కొక్క 3.3 కిలోఓమ్ రెసిస్టర్. ఆప్‌ఆంప్ డయోడ్ల నడిమి బిందువును నడుపుతుంది. ప్రతి ఎమిటర్‌లోనూ 10 ఓమ్‌లు. ఈ పది ఓమ్‌లు లేకపోతే ట్రాన్సిస్టర్లు వేడెక్కిన కొద్దీ బయాస్ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగిన కొద్దీ ఇంకా వేడెక్కుతాయి. సిగ్నల్ లేనప్పుడు రెండింటిలోనూ 5 మిల్లీఆంపియర్ల కరెంటు నిలిచింది.

3.3 కిలోఓమ్ ఎంపికలో కొంత బేరం ఉంది. చిన్న రెసిస్టర్ పెడితే బేస్‌లకు కరెంటు పుష్కలంగా దొరుకుతుంది కానీ ఆప్‌ఆంప్ ఆ రెసిస్టర్లను మోయలేక అలసిపోతుంది. ఈ విలువకు 10 వోల్టుల దగ్గర ఆప్‌ఆంప్ ఇచ్చేది 6 మిల్లీఆంపియర్లు, అది దానికి భారం కాదు. 20 కిలోహెర్ట్జ్, 10 వోల్టుల దగ్గర పైజో తీసుకునే శిఖర కరెంటు 126 మిల్లీఆంపియర్లు. అది వోల్టేజీ సున్నా దగ్గర వస్తుంది కాబట్టి అప్పుడు బేస్ రెసిస్టర్ల మీద పూర్తి వోల్టేజీ ఉండి కరెంటు సరిపోతుంది. కెపాసిటివ్ లోడు ఇక్కడ మాత్రం మేలే చేసింది. వేడి విషయంలో కాదు. కెపాసిటర్ తాను శక్తిని ఖర్చు చేయదు కాబట్టి సప్లయి నుంచి వచ్చిన శక్తి దాదాపు అంతా ట్రాన్సిస్టర్లలోనూ వాటి ఎమిటర్ రెసిస్టర్లలోనూ వేడిగా మారుతుంది. ఒక్కో వైపు 0.6 వాట్ల దాకా వస్తుంది, చిన్న హీట్‌సింక్ తప్పదు.

బయాస్ పెట్టాక లూప్ బయట ఉంచి కొలిస్తే `D0` 1 కిలోహెర్ట్జ్ దగ్గర 0.4 శాతం, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.8 శాతం.

ఇప్పుడు లూప్ గెయిన్ కావాలి. ఆప్‌ఆంప్ అదే, కాబట్టి క్లోజ్డ్ లూప్ గెయిన్‌ను వదులుకోవడమే మార్గం. ఒకే స్టేజి 101 గెయిన్ ఇచ్చే బదులు రెండు స్టేజీలు చెరో పది ఇస్తే సరి. ముందు మరో టీఎల్071, వెనుక ట్రాన్సిస్టర్లతో ఉన్న స్టేజి. రెండింటిలోనూ 91 కిలోఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లు. అవుట్‌పుట్ స్టేజి లూప్ గెయిన్ ఒక్కసారిగా పదింతలైంది. 3 కిలోహెర్ట్జ్ దగ్గర 100, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 15, 60 కిలోహెర్ట్జ్ దగ్గర 5. ఒక్కో స్టేజి బ్యాండ్‌విడ్త్ 300 కిలోహెర్ట్జ్ అయింది. రెండూ కలిపితే లోడు లేకుండా 190 కిలోహెర్ట్జ్.

లూప్ గెయిన్ 15 అంటే గెయిన్‌లో 6 శాతం లోటు వస్తుందని అనిపించవచ్చు. రాదు. ఆ ఫ్రీక్వెన్సీలో ఆప్‌ఆంప్ సిగ్నల్ 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది, లోటు ఎక్కువగా ఫేజ్‌లోకి వెళ్తుంది. పరిమాణంలో తగ్గేది 0.2 శాతమే.

బదులుగా తీసుకున్నది

పైజో తీసేసి చూస్తే అంతా శుభ్రంగా ఉంది. పైజో కలపగానే తరంగం అంచుల మీద సన్నని వెంట్రుకలు లేచాయి. చిన్న స్క్వేర్ వేవ్ పెట్టాను. చిన్నది అనడానికి కారణం ఉంది. పెద్ద మెట్టు ఇస్తే అవుట్‌పుట్ వేగాన్ని ఆప్‌ఆంప్ స్లూ రేటు, ట్రాన్సిస్టర్ల కరెంటు నిర్ణయిస్తాయి, లూప్ నడవడిక దాని వెనుక దాక్కుంటుంది. అవుట్‌పుట్‌లో కొన్ని వందల మిల్లీవోల్టుల మెట్టు చాలు. మెట్టు తన ఎత్తు దాటి మూడోవంతుకు పైగా ఎగిరి, 190 కిలోహెర్ట్జ్‌కు దగ్గరలో కొన్ని ఊపులు ఊగి స్థిరపడింది. ఆసిలేషన్ కాదు గానీ దాని పొరుగింట్లోనే ఉంది.

కారణం అవుట్‌పుట్ రెసిస్టెన్స్. ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు ఈ అవుట్‌పుట్ స్టేజికి సుమారు 12 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంది, అందులో ఎమిటర్ రెసిస్టర్ల వాటా, ఆప్‌ఆంప్ సొంత రెసిస్టెన్స్ వాటా రెండూ ఉన్నాయి. 12 ఓమ్‌లు, 100 నానోఫ్యారడ్లు కలిసి 133 కిలోహెర్ట్జ్ దగ్గర మరో వెనకబాటును తెస్తాయి. ఆప్‌ఆంప్ ముందే 90 డిగ్రీలు తినేసింది. లూప్ గెయిన్ ఒకటికి పడేది ఇప్పుడు 180 కిలోహెర్ట్జ్ దగ్గర, అక్కడ ఈ కొత్త వెనకబాటు 53 డిగ్రీలు. 180 డిగ్రీలకు మిగిలిన దూరం, అంటే ఫేజ్ మార్జిన్, 37 డిగ్రీలు. దీనికి లెక్క ప్రకారం 33 శాతం ఓవర్‌షూట్ రావాలి. ఆప్‌ఆంప్‌లోని చిన్నాచితకా ఆలస్యాలు మిగిలినది కలిపాయి.

పాత సర్క్యూట్‌లో తీగ మార్చినప్పుడు ఇదే పైజో, ఇదే కెపాసిటెన్స్ ఎందుకు మొరాయించలేదు? అప్పుడు లూప్ గెయిన్ 30 కిలోహెర్ట్జ్ దగ్గరే ఒకటికి పడిపోయింది. 133 కిలోహెర్ట్జ్ దగ్గరి అడ్డంకి దాకా అది వెళ్లనే లేదు, మార్జిన్ 77 డిగ్రీలుండేది. ఫీడ్‌బ్యాక్ పెంచితే లూప్ ఇంకా పై ఫ్రీక్వెన్సీల దాకా మెలకువగా ఉంటుంది, దారిలో ఉన్న ప్రతి ఆలస్యాన్నీ లెక్కలోకి తెచ్చుకుంటుంది. గెయిన్ ఇచ్చి బ్యాండ్‌విడ్త్‌నూ, తక్కువ డిస్టార్షన్‌నూ కొనుక్కోవచ్చు, కానీ ఆ కొనుగోలులో స్థిరత్వం ఉచితంగా రాదు. గెయిన్ విలువ స్థిరంగా ఉండటం వేరు, లూప్ ఊగకుండా ఉండటం వేరు. మొదటిది ఫీడ్‌బ్యాక్ ఇస్తుంది, రెండోదాన్ని ఫీడ్‌బ్యాక్ పరీక్షకు పెడుతుంది.

హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న హడ్సన్ నది దాటే పడవలో దినపత్రిక పేజీ మీద ఈ ఆలోచనను రాసుకున్నప్పుడు ఆయన వేట డిస్టార్షన్ మీదే. దూరాల టెలిఫోన్ లైన్లలో వరుసగా వచ్చే ఆంప్లిఫయర్ల తప్పులు పోగుపడకుండా చూడాలి. గెయిన్‌ను కావాలని పారేయడం వింతగా తోచిన కాలం అది. 1928లో వేసిన దరఖాస్తుకు పేటెంటు 1937లో వచ్చింది. ఈ లోపు, 1932లో, ఏ లూప్ ఊగుతుందో ఏది ఊగదో తేల్చే పరీక్షను నైక్విస్ట్ ఇచ్చారు. నా బెంచి మీది స్క్వేర్ వేవ్ దాని పేదింటి చుట్టమే.

పది ఓమ్‌ల మరమ్మతు

మూడు మార్గాలు చూశాను. నెమ్మదైన ఆప్‌ఆంప్ పెడితే ఊగడం ఆగుతుంది, దానితో పాటు సంపాదించిన లూప్ గెయిన్ కూడా పోతుంది. 91 కిలోఓమ్ రెసిస్టర్ మీద కొద్ది పికోఫ్యారడ్ల కెపాసిటర్ పెట్టవచ్చు, చాలా సర్క్యూట్‌లలో అది మంచి మందే. ఇక్కడ అది పై ఫ్రీక్వెన్సీలలో వెనక్కు వచ్చే భాగాన్ని పెంచి లూప్‌ను ఇంకా పైకి లాగుతుంది. పైజో కెపాసిటెన్స్ ఉష్ణోగ్రతతో మారుతుంది కాబట్టి ఒక విలువకు సరిచేసినది మరో విలువకు తప్పుతుంది.

మూడోది, ఫీడ్‌బ్యాక్ తీసుకునే చోటుకూ పైజోకూ మధ్య 10 ఓమ్‌లు పెట్టడం. ఈ రెసిస్టర్ లూప్ బయట ఉంటుంది. దీనివల్ల వెనకబాటు 72 కిలోహెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, కానీ 159 కిలోహెర్ట్జ్ నుంచి వెనక్కు తగ్గడం కూడా మొదలవుతుంది, ఎందుకంటే ఆపై ఫ్రీక్వెన్సీలలో లూప్‌కు కనిపించేది కెపాసిటర్ కాదు, పది ఓమ్‌లే. లూప్ గెయిన్ 170 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటికి పడుతుంది, మార్జిన్ 70 డిగ్రీలు.

నాకు ఇందులో బాగా నచ్చినది వేరే ఉంది. 12 ఓమ్‌ల స్టేజికి 10 ఓమ్‌ల రెసిస్టర్ తోడైతే లోడు తెచ్చే అదనపు వెనకబాటు ఎంత కెపాసిటెన్స్‌కైనా 22 డిగ్రీలు దాటదు. ఆ హద్దును నిర్ణయించేది 22కీ 10కీ ఉన్న నిష్పత్తి మాత్రమే, కెపాసిటెన్స్ కాదు. అనుమానం తీర్చుకోవడానికి రెండో పైజోను సమాంతరంగా కలిపి 200 నానోఫ్యారడ్లు చేశాను. ఓవర్‌షూట్ పెరగలేదు.

దీనికీ వెల ఉంది. ఆ పది ఓమ్‌ల అవతల జరిగేది ఫీడ్‌బ్యాక్‌కు తెలియదు. 100 నానోఫ్యారడ్లకు 20 కిలోహెర్ట్జ్ దగ్గర లోడు వోల్టేజీ 0.8 శాతం తగ్గుతుంది, ఫేజ్ 7 డిగ్రీలు వెనకబడుతుంది. 200 అయితే తగ్గుదల 3 శాతం. కోరిన 5 శాతంలో రెండూ ఇమిడాయి. ఫేజ్ ముఖ్యమైన పరికరమైతే ఈ మందు ఇవ్వను.

చివరి కొలతలో 1 కిలోహెర్ట్జ్ దగ్గర డిస్టార్షన్ నా అనలైజర్ కనిష్ఠ హద్దు కిందికి పోయింది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 శాతం మిగిలింది. 60 కిలోహెర్ట్జ్ దగ్గర పది ఓమ్‌ల తర్వాత మిగిలిన లూప్ గెయిన్ నాలుగే, 0.8ని నాలుగుతో భాగిస్తే అంతే వస్తుంది. ఇంతకంటే తగ్గించాలన్నా, 50 కిలోహెర్ట్జ్ దాకా నడపాలన్నా 10 మెగాహెర్ట్జ్ తరగతి ఆప్‌ఆంప్ కావాలి. అప్పుడు లూప్ గెయిన్ ఒకటికి పడే చోటు 450 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. అక్కడ ట్రాన్సిస్టర్ల ఆలస్యం, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల దగ్గరి దారితప్పిన కెపాసిటెన్స్ కూడా లెక్కకు వస్తాయి కాబట్టి 91, 10 కిలోఓమ్‌లను 9.1, 1కి మార్చి, చిన్న స్క్వేర్ వేవ్‌ను పైజోతోనూ పైజో లేకుండానూ మళ్లీ పెట్టి చూడాలి.